ప్రశంసాపత్రాల మీద పేర్లు: ఇద్దరు కూర్చుని చదవడం మేలా, పిల్లలకే చూపించడం మేలా?

జిల్లా స్థాయి వ్యాసరచన పోటీలో గెలిచిన 120 మంది పిల్లలకు తెలుగులో ప్రశంసాపత్రాలు, ఇంగ్లీషులో బ్యాడ్జీలు అచ్చు వేయించాలనుకుందాం. ముందుగా పేర్లు సరిచూడటానికి నమ్మదగిన పద్ధతులు రెండున్నాయి. ఒకరు దరఖాస్తు పట్టుకుని పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు మీద టిక్కు పెట్టుకుంటూ పోవడం ఒకటి. జాబితాను బడులకు పంపి పిల్లల చేత సంతకం చేయించడం రెండోది. ఒక్కరే తెర మీద చూసుకోవడాన్ని నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే తాను కొట్టిన పేరులో తప్పు తన కంటికి ఆనదు.

పైకి చదివితే దరఖాస్తుకూ ప్రూఫుకూ ఉన్న తేడా బయటపడుతుంది. ఎక్సెల్‌లో పేర్ల వరుసను మాత్రమే అక్షరక్రమంలో సర్దితే ఒకరి బహుమతి మరొకరి పేర పడుతుంది. పేరుతో పాటు బడినీ బహుమతినీ కూడా చదివితే ఇది మొదటి నాలుగైదు పత్రాల్లోనే దొరికిపోతుంది. అయితే దరఖాస్తులో Rama అని మాత్రమే ఉంటే, ఆ పిల్ల రమ కావచ్చు, ఆ పిల్లవాడు రామ కావచ్చు. టైపు చేసినవారు రామ అని ఊహించి కొడితే చదివేవారూ అలాగే చదువుతారు, తప్పు మీదే టిక్కు పడుతుంది. పైగా వేగంగా చదివేటప్పుడు ళ, ల ఒకటిగానూ, ణ, న ఒకటిగానూ వినిపిస్తాయి కనుక, ‘వాణి, పెద్ద ణ’ అని విప్పి చెప్పాలి. బ్యాడ్జీల మీది Sirisha, Sireesha వంటివాటిని ఒక్కో అక్షరమే చదవాలి.

ఈ సందేహాలు తీర్చగలిగేది పిల్లలే. కానీ అచ్చయిన పేరు చూపించి సంతకం అడిగితే చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. పక్కన ఖాళీ గడి ఇచ్చి, తమ పేరును రెండు లిపుల్లోనూ వారి చేతనే రాయించడం మంచిది. అప్పటికీ ఒక చిక్కు మిగులుతుంది. మన జాబితా యూనికోడ్‌లో ఉంటుంది, ప్రెస్సువారు దాన్ని యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లలోకి మార్చినప్పుడు జ్యోత్స్న, లక్ష్మి వంటి పేర్లలో ఒత్తులు పక్కకు జరగడమో రాలిపోవడమో జరుగుతుంటుంది, ఆ దశ పిల్లల కంటపడదు.

అందువల్ల వారం గడువుంటే ముందు పిల్లల చేత రాయించి, ఆ కాగితాలను పట్టుకుని ప్రెస్సు పంపిన చివరి ప్రూఫును ఇద్దరు చదవడమే సరైన వరుస. ఒక్కరోజే మిగిలితే పైకి చదవడమే మేలు. ఇంగ్లీషు నుంచి ఊహించి రాసిన పేర్లకు మాత్రం చుట్టు గీసి, ఆ బడులకు ఫోను చేయాలి. బ్యాడ్జీలో తప్పు పడితే వేదిక దగ్గరే మరొకటి తీసి ఇవ్వవచ్చు, కానీ కలెక్టరు సంతకం పడిన పత్రాన్ని అక్కడికక్కడ మార్చలేం కనుక, సమయం చాలకపోతే పత్రాలనే ముందు చదవాలి.