ఐప్యాడ్‌లో వెబ్ పేజీని మొత్తంగా పీడీఎఫ్ చేయడం, కొన్నేళ్ల వాడకం తర్వాత

మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు నా చేతికి వచ్చినప్పటి నుంచి ఐప్యాడ్‌లో ఈ సదుపాయాన్ని విడవకుండా వాడుతున్నాను. కరెంటు బిల్లు కట్టిన రసీదు, లిఫ్టు మరమ్మతుల పట్టిక, నీటి ట్యాంకర్ బుకింగు వివరాలు, అన్నీ వెబ్ పేజీలే. నెల తిరిగేసరికి వాటిలో సగం కనిపించవు. అందుకే పేజీని ఉన్నదున్నట్టు పైనుంచి కిందిదాకా దాచుకోవాలి. ఆ పని ఐప్యాడ్ చక్కగా చేస్తుంది. దాచిన ఫైలు ఎక్కడికి వెళ్లిందో చెప్పడంలో మాత్రం నోరు మెదపదు.

ముందు పద్ధతి చెబుతాను. పేజీని సఫారీలో తెరవాలి. పై అంచు బటన్‌నూ, వాల్యూమ్ బటన్లలో ఏదో ఒకదాన్నీ కలిపి నొక్కి వెంటనే వదలాలి. హోమ్ బటన్ ఉన్న పాత ఐప్యాడ్ అయితే పై బటన్‌తో పాటు హోమ్ బటన్ నొక్కాలి. ఎడమవైపు కింద చిన్న బొమ్మ వస్తుంది. దాన్ని తాకితే తెర పెద్దదై, పైన Screen, Full Page అని రెండు మాటలు కనిపిస్తాయి. Full Page తాకగానే పేజీ పొడవంతా ఒక సన్నని పట్టీలా పక్కన నిలబడుతుంది. ఆ పట్టీ మీద వేలు జరిపితే చివరిదాకా వచ్చిందో లేదో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత Done తాకి, Save PDF to Files ఎంచుకోవాలి. ఐప్యాడ్ ఓఎస్ వెర్షన్‌ను బట్టి ఈ మాటల్లో, బొమ్మ కనిపించే తీరులో కాస్త తేడా ఉంటుంది. ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి దీన్ని పొడవాటి బొమ్మగా ఫోటోల్లో దాచే వీలు కూడా ఇచ్చారు. ఈ సదుపాయం మొదట వచ్చింది 2019లో, ఐప్యాడ్ ఓఎస్ 13తో.

Full Page అనే మాటే కనిపించడం లేదని చాలామంది అంటారు. వాట్సాప్‌లోనో మరో యాప్‌లోనో లంకె తాకితే, పేజీ ఒక్కోసారి ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. ఆ యాప్‌లో ఈ ఏర్పాటు లేకపోతే ఆ మాట రాదు. అదే లంకెను సఫారీలో తెరిస్తే వస్తుంది. ఇంకొకటి, ఎడమ మూలన వచ్చిన చిన్న బొమ్మను పట్టించుకోకుండా వదిలేస్తే, కంటికి కనిపించిన ఒక్క తెర మాత్రమే ఫోటోల్లో పడుతుంది. అది పేజీ మొత్తం కాదు, పీడీఎఫ్ కూడా కాదు.

ఇక ఫైలు ఎక్కడ పడుతుందన్నది. దీనికి ఒక స్థిరమైన చోటు లేదు. Save PDF to Files తాకినప్పుడు వచ్చే చిన్న కిటికీలో ఏ ఫోల్డర్ తెరిచి ఉందో అక్కడికే వెళ్తుంది. ఆ కిటికీ ఎక్కువగా మీరు క్రితంసారి వాడిన ఫోల్డర్‌నే మళ్లీ చూపిస్తుంది. మనం తొందరలో Save కొట్టేసి, తర్వాత Downloads లో వెతుకుతాం. సఫారీ సెట్టింగుల్లో డౌన్‌లోడ్లకు మనం ఎంచుకున్న చోటుకూ దీనికీ సంబంధం లేదు.

మలక్‌పేటలో ఉన్న మా అక్క ఒక సాయంత్రం ఫోన్ చేసింది. ఇంటి మరమ్మతులకు ఇచ్చిన కొటేషన్ పేజీని దాచిందట. "ఫోటోల్లో లేదురా, డౌన్‌లోడ్లలోనూ లేదు, మింగేసిందేమో ఈ పలక" అంది. ఫైల్స్ యాప్ తెరిచి Recents చూడమన్నాను. మొదటి వరుసలోనే ఉంది. "అక్కా, దాని మీద వేలు అలాగే ఆనించి ఉంచు, Show in Enclosing Folder అని వస్తుంది, అది తాకు" అన్నాను. On My iPad లోపల, ఎప్పుడో పిల్లల ప్రాజెక్టు కోసం వాడిన ఒక రాత యాప్ ఫోల్డర్ తెరుచుకుంది. అంతకుముందు ఆమె దాచిన చివరి ఫైలు అక్కడికే వెళ్లింది, ఇదీ దాని వెనకే నడిచింది.

వెంటనే అక్కడినుంచి తీయించాను. On My iPad లో యాప్ పేరుతో ఉన్న ఫోల్డర్ ఆ యాప్‌కు చెందినది. చోటు చాలడం లేదని రేపు ఆ యాప్‌ను తీసేస్తే, ఫోల్డర్‌తో పాటు మన పీడీఎఫ్ కూడా పోతుంది. పైగా On My iPad లో ఉన్నది ఆ ఐప్యాడ్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో వెతికితే కనిపించదు. రెండు చోట్లా కావాలంటే iCloud Drive లో పెట్టాలి. ఉచితంగా దొరికేది 5 జీబీ మాత్రమే, అందులోనే ఫోటోలు, బ్యాకప్పులు కూడా సర్దుకోవాలి. అది నిండిపోతే కొత్త ఫైలు పైకి ఎక్కక ఆగిపోతుంది.

iCloud Drive లో మరో చిక్కు ఉంది. చాలాకాలం తెరవని ఫైలు ఐప్యాడ్ నుంచి జారిపోయి, పేరు పక్కన మేఘం గుర్తు మాత్రమే మిగలవచ్చు. నెట్ లేనిచోట అది తెరుచుకోదు. సెల్లార్‌లో జరిగే మా సంఘం సమావేశాల్లో సిగ్నల్ అందదు కనుక, ముందురోజే ఆ ఫైళ్లను తాకి దింపుకునేవాణ్ణి. ఐప్యాడ్ ఓఎస్ 18 నుంచి Keep Downloaded అని ఉంది, దాంతో ఈ బెడద తీరింది.

ఇప్పుడు నేను చేసేది ఇది. iCloud Drive లో "రసీదులు" అని ఒకే ఫోల్డర్ పెట్టాను. దాచే కిటికీలో Save కొట్టేముందు ఫోల్డర్ పేరు చూసి, ఫైలు పేరు మీద తాకి "2024-08 లిఫ్టు" అని మారుస్తాను. ఏడాది, నెల ముందు రాస్తే వరుస దానంతటదే కుదురుతుంది. పేరు మార్చడానికి ఇంకో కారణం తెలుగు. తెలుగు పేజీని పీడీఎఫ్ చేశాక అందులోని వాక్యాన్ని ఎత్తి మరోచోట అతికిస్తే, నా ఫైళ్లలో ఒత్తులు, గుడింతాలు చాలాసార్లు చెదిరిపోయాయి. కంటికి అక్షరం చక్కగా ఉంటుంది, వెతుకులాటకు మాత్రం చిక్కదు. కాబట్టి లోపలి మాటను నమ్ముకోకుండా ఫైలు పేరుతోనే వెతుకుతాను.

పేజీ సరిగా రాని సందర్భాలు కూడా ఉన్నాయి. కిందికి జరుపుతుంటే గానీ బొమ్మలు నిండని పేజీలను పైనుంచే తీస్తే మధ్యలో తెల్లటి ఖాళీలు మిగులుతాయి. ముందొకసారి చివరిదాకా జరిపి, బొమ్మలన్నీ వచ్చాక తీస్తే సరిపోతుంది. పేజీలో ఒక గడి మాత్రమే విడిగా జరిగే రకం పట్టికలకు మాత్రం మందు లేదు. మా లిఫ్టు సంస్థ పట్టిక అలాంటిదే, గడిలో కనిపించే వరుసలే పీడీఎఫ్‌లోకి వస్తాయి. దాన్ని ముక్కలుగానే తీసుకుంటున్నాను.

అచ్చు వేయాలంటే ఈ దారి వద్దు. Full Page ఇచ్చే పీడీఎఫ్ ఎంత పొడవున్నా ఒకటే పేజీ. వీధి చివరి జిరాక్స్ షాపుకు ఒకటి పంపితే, ఏ4 కాగితం నడుమ అగ్గిపుల్ల మందాన ఒక గీత వచ్చింది. "సార్, ఇది ఇంతకన్నా పెద్దగా రాదండీ" అన్నాడు ఆ అబ్బాయి. అచ్చు కోసమైతే సఫారీలో షేర్ గుర్తు తాకి, Print ఎంచుకుని, ప్రివ్యూ బొమ్మ మీద రెండు వేళ్లు విడదీయాలి. కాగితాలుగా విడిన పీడీఎఫ్ తెరుచుకుంటుంది. దాన్ని మళ్లీ షేర్ నుంచి Save to Files అని అదే ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. పేజీ అమరిక కొంత మారుతుంది గానీ, ఆడిటరుకు కాగితం మీద ఇవ్వాల్సినవన్నీ నేను ఇలాగే తీస్తాను.