మూడేళ్ళ కీబోర్డు, ఒక్క సింక్ సెట్టింగ్

ఈ కీబోర్డు యాప్ మొదలుపెట్టి మూడేళ్ళు దాటింది. థీమ్‌లు, స్టిక్కర్లు, స్వైప్ టైపింగ్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క సెట్టింగ్ గురించి. మనం కొట్టిన మాటల నుంచి నేర్చుకున్నదాన్ని మన అకౌంట్ ఉన్న ఫోన్లన్నిటికీ పంచిపెట్టే క్లౌడ్ సింక్ అది. దాని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాదంతా దీన్ని కనిపించిన వాళ్ళందరికీ పొగిడాను. నేను ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునే మనిషిని. పని మీద రోజంతా మెసేజ్‌లు పంపుతూనే ఉంటాను. ఇలా కొట్టేవాళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగ్. 'చేస్తున్నా' కోసం నేను `chestunna` అని కొడతాను, మా అన్నయ్య `chesthunna` అంటాడు. మొదటి వారం కీబోర్డు ఏదేదో చూపించి విసిగించింది. రెండు నెలలు తిరిగేసరికి నా పద్ధతి పట్టేసింది. మూడు అక్షరాలు పడగానే నాకు కావాల్సిన మాట మధ్య గడిలో సిద్ధంగా ఉండేది. తర్వాత కొత్త ఫోన్ కొన్నప్పుడు అదే అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. కాసేపటికే నా మాటలన్నీ కొత్త ఫోన్‌లోకి వచ్చేశాయి. ఆ రోజు నిజంగా ముచ్చటపడ్డాను.

పాత ఫోన్ మా చెల్లికిచ్చాను. ఫొటోలు తీసేశాను, మెసేజ్ యాప్‌లు తీసేశాను, మెయిల్ లాగౌట్ చేశాను. కీబోర్డుకు కూడా వేరే లాగిన్ ఉంటుందన్న సంగతి తట్టనే లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. తనకు అలవాటైన యాప్‌లు అలాగే ఉండనీ అని చేయలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు అమ్మకు మెడ దగ్గర గడ్డ కనిపించింది. డాక్టరు బయాప్సీ చేయించమన్నారు. చెల్లికి అప్పుడు ఏడో నెల. రిపోర్ట్ వచ్చేదాకా దానికి చెప్పొద్దని అన్నయ్యా, నేనూ అనుకున్నాం. ఆ నాలుగు రోజుల్లో 'అమ్మకి బయాప్సీ రిపోర్ట్ సోమవారం వస్తుంది' అన్న ముక్క నేను కనీసం ఐదుసార్లు కొట్టి ఉంటాను. అన్నయ్యకు, మా ఆయనకు, పిన్నికి, సెలవు కోసం ఆఫీసులో ఇద్దరికి.

ఆదివారం సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మకి బయాప్సీ ఏంటి?"

నాకు నోట మాట రాలేదు. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరూ చెప్పలేదు. అమ్మకి చీర కొందామని నీకే మెసేజ్ పెడుతున్నాను. `amma ki` అని కొట్టగానే పైన బయాప్సీ అని వచ్చింది. నొక్కితే రిపోర్ట్ అని వచ్చింది. మళ్ళీ నొక్కితే సోమవారం అని వచ్చింది" అంది. ఏడుస్తూనే చెప్పింది. రిపోర్ట్‌లో భయపడాల్సిందేమీ లేదని మర్నాడు తెలిసింది. కానీ ఆ రాత్రంతా ఆ పరిస్థితిలో దానికి టెన్షన్, రక్తపోటు. దగ్గరుండి మెల్లగా చెప్పాల్సిన మాటను కీబోర్డు చెప్పేసింది.

ఎలా జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా రోజులే పట్టింది. కీబోర్డు మాటలు మాత్రమే దాచుకుంటుందని అనుకునేదాన్ని. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో, ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్క ఉంచుకుంటుంది. తర్వాతి మాటను ముందే చూపించేది ఆ లెక్కతోనే. ఒకసారి రాసిన వాక్యం ఆ లెక్కలో కొట్టుకుపోతుంది. అదే వాక్యం నాలుగు రోజుల్లో ఐదుసార్లు వస్తే మాత్రం బాగా పైకి చేరుతుంది. నేను పంపిన మెసేజ్ ఏదీ చెల్లి ఫోన్‌కి వెళ్ళలేదు. అయినా వరసగా రెండుసార్లు నొక్కితే నా వాక్యం దాదాపు మొత్తం బయటపడింది. క్లౌడ్ దృష్టిలో ఆ పాత ఫోన్ ఇంకా నాదే కాబట్టి, నేను కొత్తగా నేర్పినదల్లా దానికీ నేర్పుతూ పోయింది.

శుభ్రం చేయడంలో ఇంకో తప్పు చేశాను. చెల్లి చేత ఆ సూచనను నొక్కి పట్టించి తీసేయించాను. రెండు రోజుల్లో మళ్ళీ వచ్చింది. నా ఫోన్‌లో 'నేర్చుకున్న మాటలు తొలగించు' నొక్కాను. అప్పుడూ తిరిగి వచ్చింది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. నేర్చుకున్నది మూడు చోట్ల ఉంది: నా ఫోన్, చెల్లి ఫోన్, క్లౌడ్. సింక్ ఆన్‌లో ఉండగా ఒకచోట తుడిస్తే మిగిలిన రెండూ దాన్ని మళ్ళీ నింపేస్తాయి.

చివరికి పనిచేసిన వరస ఇది. ముందు చెల్లి ఫోన్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సింక్ ఆపేసి, నా అకౌంట్ లాగౌట్ చేశాం. లాగౌట్ చేసినంత మాత్రాన ఫోన్‌లోకి అప్పటికే దిగిన మాటలు పోవు. అందుకని అక్కడ యాప్ డేటా మొత్తం క్లియర్ చేశాం. తర్వాత నా ఫోన్‌లో సింక్ ఆపాను. ఆ తర్వాతే అకౌంట్ పేజీలోకి వెళ్ళి క్లౌడ్‌లో ఉన్నదాన్ని తొలగించాను. ఆఖరుకు నా ఫోన్‌లో నేర్చుకున్న మాటలు చెరిపేశాను. ముందు అన్ని ఫోన్లలో సింక్ కట్ చేయడమే ఇందులో అసలు కిటుకు.

నిజంగా ఆగిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. లోకంలో లేని మాట ఒకటి పుట్టించాను, `gombulaki`. నోట్స్ యాప్‌లో దాన్ని ఆరేడుసార్లు కొట్టాను. తర్వాత `gomb` అని కొడితే నా ఫోన్‌లో మొత్తం మాట వచ్చింది. అంటే ఫోన్‌లో నేర్చుకోవడం పనిచేస్తోంది. రెండు రోజులు ఆగి చెల్లి ఫోన్‌లో అదే కొట్టించాను. రాలేదు. అప్పటికి గాని నా మనసు కుదుటపడలేదు. సెట్టింగ్ పేరు ఒక్కో కీబోర్డులో ఒక్కోలా ఉంటుంది, అప్‌డేట్ వస్తే చోటు కూడా మారుతుంది. దొంగమాట పరీక్ష మాత్రం ఏ కీబోర్డుకైనా పనికొస్తుంది. ఒక్క హద్దు ఉంది. మాట ఇంకో ఫోన్‌లో రాకపోతే అక్కడికి సింక్ కావడం లేదని తెలుస్తుందే గానీ, కంపెనీకి ఏమీ వెళ్ళడం లేదని తేలదు. 'వాడకం వివరాలు పంచుకో', 'కీబోర్డును మెరుగుపరచడానికి సాయపడు' లాంటి స్విచ్‌లు వేరే ఉంటాయి. వాటిని విడిగా ఆపుకోవాలి, నేను ఆపేశాను.

ఇదే పరీక్షతో ఇంకో సంగతి తెలిసింది. బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో ఇంకో దొంగమాట కొట్టి చూశాను. నా కీబోర్డు దాన్ని నేర్చుకోలేదు. ఆండ్రాయిడ్ 8.0 నుంచి యాప్‌లు కీబోర్డుకు 'ఇక్కడ కొట్టింది నేర్చుకోవద్దు' అని చెప్పే వీలుంది. దాని పేరు `IME_FLAG_NO_PERSONALIZED_LEARNING`. అయితే అది ఆజ్ఞ కాదు, విన్నపం మాత్రమే. వినాలా వద్దా అన్నది కీబోర్డు ఇష్టం. పాస్‌వర్డ్ గడుల సంగతి కూడా ఇలాంటిదే. ఇది పాస్‌వర్డ్ గడి అని యాప్ చెబితేనే కీబోర్డుకు తెలుస్తుంది. ఒక యాప్‌లో రహస్య ప్రశ్నకు జవాబు అడిగిన గడి మామూలు గడిలాగే ఉంది. అక్కడ నేను కొట్టిన జవాబు వారం తర్వాత ఇంకో చాట్‌లో సూచనగా వచ్చింది. అందుకే ఇప్పుడు ఎక్కడైనా అలాంటివి కొట్టేముందు పైన సూచనల వరస వస్తోందా అని చూస్తాను. వస్తుంటే, అది కీబోర్డు కంటికి మామూలు మాటేనని లెక్క. అప్పుడు కీబోర్డులోనే ఉన్న ఇన్‌కాగ్నిటో మోడ్ ఆన్ చేసి కొడతాను.

ఐఫోన్‌లో ఈ విషయం కాస్త గట్టిగా ఉంది. పాస్‌వర్డ్ గడిలోకి వెళ్ళగానే మనం బయట నుంచి వేసుకున్న కీబోర్డు యాప్ తప్పుకుని ఫోన్ సొంత కీబోర్డు వస్తుంది. `Allow Full Access` ఇవ్వకపోతే బయటి కీబోర్డు ఇంటర్నెట్‌కు వెళ్ళలేదు. ఆండ్రాయిడ్‌లో అలా అడగడం లేదు. కీబోర్డు ఆన్ చేసేటప్పుడు పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లతో సహా కొట్టినదంతా సేకరించగలదని ఒక హెచ్చరిక వస్తుంది, అంతే. దాన్ని నేను కూడా చదవకుండానే సరే నొక్కాను. సేకరించగలదు అంటే సేకరిస్తోందని కాదు. కానీ ఎంతవరకు పోవచ్చో చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. 2016లో స్విఫ్ట్‌కీ అనే కీబోర్డు యాప్ సింక్‌లో లోపం వచ్చి, కొందరికి ఎవరో తెలియని వాళ్ళ ఈమెయిల్ అడ్రసులు సూచనలుగా కనిపించాయి. కంపెనీ సింక్‌ను కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. నాకు జరిగింది లోపం కూడా కాదు. సెట్టింగ్ చేయాల్సిన పనే చేసింది. లాగౌట్ చేయకపోవడం నా తప్పే. కానీ ఏయే ఫోన్లు సింక్ అవుతున్నాయో ఒక జాబితా కళ్ళెదుట పెట్టి ఉంటే నేను మొదటి నెలలోనే చూసేదాన్ని. నా కోపమంతా అందుకే.

సింక్ ఆపాక పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. క్లౌడ్‌లో తుడిచేశాక ఇంకోసారి ఫోన్ మార్చాల్సి వచ్చింది. అంతా మళ్ళీ మొదటికి వచ్చింది. నా స్పెల్లింగ్‌లు పట్టుకోవడానికి దానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ నా పని నెమ్మదించింది. ఇప్పుడు తరచూ కావాల్సిన పేర్లు, అడ్రసులు ఓ అరవై దాకా నోట్స్‌లో రాసి పెట్టుకుని, పర్సనల్ డిక్షనరీలో చేత్తో ఎక్కించుకుంటున్నాను.

కీబోర్డు మాత్రం మార్చలేదు. నాలా తెలుగు కొట్టడంలో దీనికంటే హాయిగా ఉన్నది నాకు ఇంకా దొరకలేదు. మొదటి ఏడాది అందరికీ 'లాగిన్ అవ్వండి, చాలా సౌకర్యం' అని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకే ఫోన్ ఉండి, దాన్ని ఇంకెవరికీ ఇవ్వని వాళ్ళకు సింక్ వల్ల నాకు జరిగినట్టు జరగకపోవచ్చు. ఇంట్లో ఒకే అకౌంట్‌తో ట్యాబ్ తిరుగుతుంటే, పాత ఫోన్లు చేతులు మారుతుంటే మాత్రం నేనైతే ఆన్ చేయను. ఇప్పుడు నాకు ట్యాబ్ కూడా ఉంది. దాని మీద కొట్టేటప్పుడు నా మాటలేవీ రాక చిరాకేస్తుంది, చాలాసార్లు వేలు ఆ సింక్ బటన్ దాకా వెళ్తుంది. ఆ ట్యాబ్‌లో మా చెల్లి కొడుకు బొమ్మలు చూస్తాడు, అది తెరిచి ఇచ్చేది చెల్లి.