డాబాకూ రేకుల షెడ్డుకూ పిడుగు రక్షణ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

రెండంతస్తుల డాబా, 12 మీటర్లు ఇంటూ 9. పైన మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పక్కనే రేకుల షెడ్డు. మెట్ల గది మీద మీటరున్నర కడ్డీ, పిట్టగోడ చుట్టూ 25 ఇంటూ 3 మి.మీ. జీఐ పట్టీ, గోడల వెంట కిందికి మూడు పట్టీలు, ఒక్కోదానికి మూడు మీటర్ల ఎర్త్ పైపు. పిడుగు ఎక్కువగా ఎత్తైన చోటునూ మూలలనూ వెతుక్కుంటుంది కాబట్టి కడ్డీ ఒక్కటే సరిపోదు, పిట్టగోడ పట్టీ తప్పనిసరి. చుట్టుకొలత 42 మీటర్లు. మామూలు ఇళ్లకు పదిహేను మీటర్లకొక దిగుడు పట్టీ లెక్కన మూడు పడ్డాయి.

ఇన్నేళ్లలో కడ్డీకి ఏమీ కాలేదు. చెడింది జోడుల దగ్గరే. మొదటి వేసవిలో నేల నిరోధం 6 ఓమ్‌లు చూపిన ఒక ఎర్త్ పైపు గుంట మూడో మే నెలలో 14 చూపింది. సాధారణంగా 10 లోపు ఉండాలి. నేల ఎండిందనుకుని నీళ్లు పోస్తే తేడా రాలేదు. నేలమట్టానికి మీటరు పైన, కొలత కోసం పట్టీని విడదీసే టెస్టు జోడు విప్పి, పైపు తలను విడిగా కొలిస్తే 7 వచ్చింది. అంటే లోపం పైపులో లేదు, గుంటలో పట్టీని పైపుకు బిగించిన బోల్టు తుప్పులో ఉంది. దాన్ని మార్చి, రెండు బోల్టులు వేసి, బిటుమెన్ పూశాక మళ్లీ 7కి దిగింది. ఉప్పు, బొగ్గు పోసిన గుంటల్లో ఇది త్వరగా వస్తుంది, ఎందుకంటే ఉప్పు జీఐని తినేస్తుంది. బెంటొనైట్ మట్టి మేలు. రాగి తీగను నేరుగా జీఐకి బిగించినా ఇదే గతి. కొలత ఏటా మే నెలలో, మబ్బు లేని రోజునే తీసుకోవాలి. టెస్టు జోడు విప్పి ఉండగా పిడుగు పడితే అక్కడ నిలబడ్డవాడే దారి అవుతాడు.

పట్టీ సజ్జా అంచు చుట్టూ ‘యు’ ఆకారంలో తిరగడం మేస్త్రీలు ఎక్కువగా చేసే పొరపాటు. కరెంటు ఆ వంపు చుట్టూ తిరగకుండా మధ్యలోంచి దూకి సిమెంటు పెచ్చులు ఊడగొట్టవచ్చు. సజ్జాకు రంధ్రం వేసి పట్టీని నేరుగా దింపించాలి.

షెడ్డుకు వేరే కడ్డీ పెట్టలేదు. అర మిల్లీమీటరు ఉక్కు రేకు తానే పిడుగును అందుకోగలదు. తగిలిన చోట చిల్లు పడవచ్చు కాబట్టి కింద గడ్డి, డీజిల్ లాంటివి ఉండకూడదు. రేకులనూ ఇనుప చట్రాన్నీ కలిపి, రెండు మూలల నుంచి ఎర్తుకు దింపితే చాలు. సిమెంటు రేకులైతే లెక్క వేరు: అవి కరెంటును మోయవు, కాబట్టి నడికప్పు పొడవునా పట్టీ వేయాల్సిందే.

ఇంత చేసినా టీవీ, మోటారు స్టార్టరు కాలిపోవచ్చు, ఎందుకంటే ఆ దెబ్బ కరెంటు తీగల వెంట కూడా వస్తుంది. మెయిన్ బోర్డులో పిడుగు దెబ్బను ఎర్తుకు మళ్లించే టైప్ 1 సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించి, పిడుగు గుంటలనూ ఇంటి ఎర్తునూ ఒకే పట్టీతో కలిపించాలి. విడిగా వదిలేస్తే రెండింటి మధ్య వోల్టేజి పెరిగి, గోడలోని వైరింగు మీదికి దూకుతుంది.