డబ్బు కట్టి ‘ఏఐ డేటా వర్క్ ఐడీ’ కొనేముందు ఇది చదవండి: పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ళకి

మన వైపు ఒక ట్రైనింగ్ సెంటర్ 4,500 రూపాయలకు డేటా లేబులింగ్ ఐడీ అమ్ముతోంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్ళకి గిరాకీ అంటారు. మా చెల్లికి తీసుకున్నాం. పని ఉత్తుత్తిది కాదు. బండ్లని గుర్తుపట్టడం కంప్యూటర్‌కి నేర్పడానికి, రోడ్డు ఫొటోల్లో ఒక్కోదాని చుట్టూ బాక్సు గీయాలి. తిరకాసంతా డబ్బులిచ్చే లెక్కలో ఉంది.

బాక్సుకి 50 పైసలు, బ్యాచ్‌కి 200 బాక్సులు, అంటే 100 రూపాయలు. చెకింగ్‌కి ఆ 200 బాక్సుల్లోంచి 20 బాక్సులు తీసి చూస్తారు. రెండు తప్పాయంటే మొత్తం బ్యాచ్ రిజెక్ట్, పైసా రాదు.

ఆ తప్పు ఎలా పడుతుందో చూడండి. మనం గీసిన బాక్సు, వాళ్ళ దగ్గరున్న సరైన బాక్సు ఒకదానిమీద ఒకటి పడిన భాగాన్ని, రెండూ కలిపి ఆక్రమించిన జాగాతో భాగిస్తారు. 0.8 రావాలి. దూరంగా ఉన్న బైకు 50×100 పిక్సెళ్ళు అనుకోండి. పక్కకి 5, కిందకి 5 జరిగితే కలిసిన భాగం 4,275, మొత్తం జాగా 5,725. వచ్చేది 0.75, ఫెయిల్. దగ్గరున్న లారీ 500×1000 అయితే అదే జరుగుడుకి 0.97 వస్తుంది. రెండింటికీ రేటు మాత్రం 50 పైసలే! ఫోన్ మీద వేలితో గీసేవాళ్ళకి 5 పిక్సెళ్ళు ఎంతసేపు? ఏ బాక్సు తప్పిందో చూపించరు, దిద్దడానికి తిరిగివ్వరు. గీసినవి మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి.

ఇంకొకటి, నాకు ఎక్కువ కోపం తెప్పించినది. కొన్నాళ్ళకి ‘టెక్స్ట్ వర్క్’ అని మార్చారు. తెరిస్తే బూతులు, చంపుతామనే బెదిరింపులు, పిల్లలమీద అఘాయిత్యాల వర్ణనలు. ఏది ఏ రకమో గుర్తు పెట్టాలి. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చెల్లికి నిద్ర పట్టక మానేసింది. ఇలాంటి పని ఎక్కడైనా చవకే. చాట్‌జీపీటీ కోసం కెన్యాలో ఇదే చేసినవాళ్ళ చేతికి గంటకి రెండు డాలర్ల లోపే వచ్చిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక రాసింది. అమెరికాలో ఫేస్‌బుక్ పోస్టుల్లో ఇలాంటివి చూసి ఏరేసే మోడరేటర్లు కోర్టుకెక్కితే 2020లో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మన పిల్లలకి కాగితమ్ముక్క కూడా లేదు, ఎవరిమీద కేసు వేస్తారు?

పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. ఫీజు లేదన్నా సరే, మూడు సంగతులు రాతలో అడగండి: రిజెక్టైన బ్యాచ్ దిద్దడానికి ఇస్తారా, తప్పిన బాక్సులు చూపిస్తారా, చూడాల్సినవి ఎలాంటివి. మేమడిగితే ‘సిస్టమ్ అంతే’ అన్నారు.

ఇప్పటికే కట్టినవాళ్ళు రసీదు, యూపీఐ నంబరు, రిజెక్ట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. రాయగడలో ఇదే ఐడీ వేరే బోర్డు కింద అమ్ముతున్నారని విన్నా.