రథయాత్ర దాటిన ఉంగటం కుట్టు

చెప్పుల రంగు, సైజు, ధర లాంటివి ఇక్కడ రాయడం లేదు. మా పర్లాకిమిడి బజారులో ఏ కొట్టు ముందైనా వేలాడుతూ కనిపించే పిల్లల చెప్పులే అవి. స్పాంజి అట్ట, రెగ్జిన్ పట్టీలు, బొటనవేలికి ఒక ఉంగటం. నేను రాస్తున్నది ఆ ఉంగటానికి రోడ్డు పక్కన పడిన కుట్టు గురించి. సంక్రాంతి వెళ్లిన కొత్తలో వేయించాం, ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. మధ్యలో ఎండలు, రథయాత్ర, వానలు అన్నీ అయ్యాయి. చెప్పులు కొన్న రోజున కలగని సంతోషం ఈ కుట్టు చూసినప్పుడల్లా కలుగుతోంది కాబట్టి నా మాటలు కాస్త ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. చదివేవారు ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

ఉంగటం నడక వల్ల తెగడం తక్కువ. వెనక వచ్చేవాడు మడమ తొక్కినప్పుడే ఎక్కువగా తెగుతుంది. చెప్పు నేలకు అదిమిపెట్టి ఉంటుంది, కాలు ముందుకు పోతుంది, ఆ లాగుడంతా బొటనవేలి దగ్గరి ఆ చిన్న పట్టీ మీద పడుతుంది. మా అబ్బాయి మూడో తరగతి. బడి వదిలే వేళ గేటు దగ్గరి తోపులాటలో కుడికాలి చెప్పుకు జరిగింది ఇదే. ఇంటికి ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో ఊపుకుంటూ వచ్చాడు. కొత్తవి కొనిపెట్టాలన్నది వాడి ఆశ. ఆ ఆశ వాడి ముఖంలో స్పష్టంగా కనిపించింది కూడా.

పాతపట్నం వైపు వెళ్లే దారి పక్కన, గోనెసంచి పరుచుకుని నల్ల గొడుగు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి సాయంత్రం ఇద్దరం వెళ్లాం. మాతో తెలుగులో, మా వెనక నిలబడినవాళ్లతో ఒడియాలో మాట్లాడాడు. ఆయన చెప్పును చేతిలోకి తీసుకుని ముందుగా చేసిన పని ఉంగటం పట్టీని గోటి దగ్గర మడిచి, వెలుగులో పెట్టి చూడటం.

"పట్టీ పగుళ్లిస్తే కుట్టి లాభం లేదు బాబూ. కుట్టు పక్కనే మళ్లీ చిరుగుతుంది. ఇది బాగానే ఉంది. లోపలి నుంచి ఊడివచ్చిందంతే."

ఈ ఒక్క పరీక్ష తెలుసుకుంటే చాలు, డబ్బు వృథా కాదు. ఉంగటం పోవడంలో రెండు రకాలున్నాయి. పట్టీయే చివికి తెగిపోవడం ఒకటి. పట్టీ కొస, పై అట్టకూ కింది అట్టకూ మధ్య అంటించినచోటు నుంచి ఊడిరావడం మరొకటి. రెండోదానికే మరమ్మతు. మొదటిదానికి పట్టీ మార్చాలి, పిల్లల చెప్పులకు ఆ ఖర్చు గిట్టదు.

"కాస్త గమ్ పెట్టి అంటించెయ్యండి, చాలు" అన్నాను. చీకటి పడుతోంది, ఇంట్లో పని ఉంది.

"గమ్ పెట్టే కదా అమ్మినవాళ్లు ఇచ్చారు. అట్టను అట్టకు అదిమిపెట్టినంతసేపు అది బాగానే ఆగుతుంది. కొస పట్టుకుని పీకితే ఆగదు. ఉంగటం పనే పీకుడు. కుట్టాలి."

ఇక అక్కడి నుంచి మేమిద్దరం పనివాళ్లమయ్యాం. చెప్పు ముందు భాగాన్ని వంచి పట్టుకోవడం నా వంతు. అలా వంచితే రెండు అట్టలూ నోరు తెరుస్తాయి. ఆయన కత్తిమొనతో పాత గమ్ పొరను గీకేశాడు. అది పసుపురంగు పొట్టులా రాలింది. తర్వాత ఆకురాయితో లోపలి రెండు ముఖాలనూ గరుకు చేశాడు. మా వాడికి దారం పని ఇచ్చాడు. నల్ల నైలాన్ దారాన్ని మైనం ముద్ద మీద ఆ చివర నుంచి ఈ చివరకు లాగాలి.

"తాతా, మైనం ఎందుకు?"

"లేకపోతే దారం జారుతుంది, ముడి నిలవదు. నీళ్లు కూడా పీల్చుకుంటుంది. ఇంకోసారి లాగు, అప్పుడే అయిపోలేదు."

స్పాంజికి కుట్టు వేయడంలో ఒక చిక్కుంది. బిగించిన దారం మెత్తని స్పాంజిని కోసుకుంటూ పోతుంది. అందుకని పట్టీ కొసను నేరుగా స్పాంజికి కుట్టలేదు. పాత సైకిల్ టైరు పక్కభాగం నుంచి బొటనవేలి వెడల్పు ముక్క కోశాడు. టైరు రబ్బరు లోపల నూలు పోగులుంటాయి కాబట్టి దారం దాన్ని కోయలేదు. ఆ ముక్కను రెండు అట్టల మధ్య పెట్టి, దాని మీద పట్టీ కొసను పరిచి, అన్నీ కలిపి కుట్టాడు. పోటుకూ పోటుకూ మధ్య అర సెంటీమీటరు దాకా ఎడం ఉంది. నేను దగ్గరగా వేయమన్నాను. దగ్గరగా వేస్తే బెజ్జాలన్నీ కలిసిపోయి, స్టాంపుల కాగితం చిరిగినట్టు అట్ట ఆ వరుసన చిరుగుతుందన్నాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. ఆరె అంటే చెక్క పిడి, ఉక్కు సూది, మొన దగ్గర చేపగాలం ముల్లులో ఉండేలాంటి చిన్న గాటు. పైనుంచి పొడిస్తే మొన అట్ట కింద తేలుతుంది. కింద ఎడమచేతిలో ఉన్న దారాన్ని ఆ గాటుకు తగిలిస్తాడు. ఆరెను వెనక్కి లాగగానే దారం మడతపడి ఉచ్చులా పైకి వస్తుంది. ఆ ఉచ్చులోంచి పై దారం కొసను దూర్చి, రెండు చేతులతో రెండు వైపులా బిగిస్తాడు. పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకునే చోటు అట్ట మందంలో మధ్యన పడుతుంది. ప్రతి పోటుకూ ఇదే. గోనెసంచి మూతి కుట్టులో ఒక కొస దొరికితే చాలు, మొత్తం సర్రున ఊడివస్తుంది. ఇందులో ఒకచోట దారం తెగినా పక్క పోటు కదలదు. కళ్లు చెప్పు మీద ఉన్నాయో రోడ్డు మీద ఉన్నాయో తెలియనంత తేలికగా చేశాడు. మా వాడు కొత్త చెప్పుల సంగతి మరిచిపోయి, తనకూ ఒక పోటు పొడవాలని ఉందని పట్టుబట్టాడు. ఆయన వాడి చేతి మీద తన చేయి వేసి చివరి పోటు పొడిపించాడు. అది కొద్దిగా వంకరగా ఉంది.

చివరికి సొల్యూషన్. కుట్టు పడని ముందు కొసలో రెండు అట్టల ముఖాలకూ పలుచగా రాసి, కలపకుండా పక్కన పెట్టేసి, ఇంకొకరి బూటు అందుకున్నాడు. మా వాడు అదమబోతే చేయి పట్టుకుని ఆపాడు. వేలి వెనకవైపుతో తాకితే అంటకూడదట, అప్పుడే కలపాలి. తడిగా ఉండగా కలిపితే లోపలి తడి బయటికి పోయే దారి లేక ఆ అంటు మెత్తగానే మిగిలిపోతుంది. ఒకసారి కలిపాక మళ్లీ సర్దడానికి ఉండదు కాబట్టి అంచులు చూసుకుని ఒకేసారి మూశాడు. ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. 30 రూపాయలు తీసుకున్నాడు.

కుట్టుకు అసలు పరీక్ష ఆషాఢంలో వచ్చింది. రథయాత్ర రోజు ముసురు పట్టింది, తాడు లాగేవాళ్లు లాగుతున్నారు, జనం ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటున్నారు. మా వాడు నా చేయి పట్టుకుని ఉన్నాడు. వెనక ఎవరో గట్టిగా తొక్కారు, వాడు ముందుకు తూలి నా మీద పడ్డాడు. మడమకు గీరుకుంది. చెప్పు చూశాను, కుడికాలి ఉంగటం చెక్కుచెదరలేదు. మరికొంచెం ముందుకు వెళ్లాక అదే తోపిడిలో ఎడమకాలి ఉంగటం ఊడిపోయింది. అది కొట్టులో ఎలా కొన్నామో అలాగే, గమ్ మీద ఆధారపడి ఉన్నది. ఆ రాత్రి వాడు ఒంటికాలి చెప్పుతో ఇల్లు చేరినా, కుడి చెప్పును అందరికీ చూపించాడు. ఆ వంకర పోటును ముఖ్యంగా.

అప్పట్నుంచి నేను కనబడినవాళ్లందరికీ కొత్త చెప్పుకన్నా ఇదే గట్టిదని చెబుతూ వచ్చాను. ఆ మాట ఉంగటానికి సరిపోతుంది, చెప్పు మొత్తానికి సరిపోదు. కుట్టు దారం కింది అట్ట అడుగున బయటికి కనిపిస్తుంది. దారం నేలకు తగలకుండా ఆయన కత్తితో సన్నని గాడి చేసి అందులో కూర్చోబెట్టాడు. తోలు అట్టలో అయితే గాడి నిలుస్తుంది. స్పాంజి మాత్రం నాలుగు రోజుల్లో మళ్లీ ఉబ్బి గాడిని పూడ్చేసింది. కంకర రోడ్డు మీద నడకకు అడుగు దారం రేగి, వానలు ముగిసేసరికి రెండుచోట్ల తెగింది. పక్క పోట్లు పట్టుకునే ఉన్నాయి, నిజమే. కానీ అన్నీ అడుగు వైపు నుంచి అలాగే అరుగుతున్నాయి.

వానల వల్ల చెప్పు ముందు కొసలో అంటు కూడా నోరు తెరిచింది. కుట్టు లేని చోటే తెరిచింది, అందులో ఇసుక చేరింది. ఇసుక చేరాక పైనుంచి గమ్ పోస్తే అంటదు, మళ్లీ గీకి గరుకు చేయాల్సిందే. టైరు ముక్క వల్ల కుడి చెప్పు ముందు భాగం కాస్త ఎత్తుగా, బిరుసుగా ఉంది. మొదటి వారం వేలి సందులో ఎర్రగా ఒరుసుకుపోయింది. కొబ్బరినూనె రాశాం, తర్వాత అలవాటైంది. కాలు అలవాటు పడిందో, ముక్క అణిగిందో చెప్పలేను.

ఎడమదానికీ ఇప్పుడు అదే కుట్టు పడింది. ఒక కాలి ఉంగటం ఊడితే రెండోదాన్ని కూడా అప్పుడే కుట్టించడం మేలు. రెండూ ఒకే గమ్, ఒకే వయసు. ఎత్తు తేడా ఉండదు, ఒంటికాలి నడకా ఉండదు. రెండోసారి మా వాడు మైనం ముద్దను అడగకుండానే అందుకున్నాడు.

ఇది అందరికీ పనికివస్తుందా అంటే ఒక మాట ఉంది. మా వాడు తేలికైన పిల్లవాడు, బడి ఇంటికి దగ్గరే, బాటలో సగం సిమెంటు రోడ్డే. పైగా వాడి మడమ ఇప్పటికే అట్ట అంచు దాటి వెనక్కి వచ్చింది. అడుగు దారం పూర్తిగా అరిగేలోపే చెప్పులు చిన్నవైపోతాయి. కాబట్టి కుట్టు ఎన్నాళ్లు ఆగుతుందన్న ప్రశ్నకు మా ఇంట్లో పూర్తి జవాబు దొరకదు. నా చెప్పుల ఉంగటం కూడా వదులైతే తీసుకెళ్లి చూపించాను. పెద్దాయన పట్టీ మడిచి చూశాడు, అట్ట నొక్కి చూశాడు, నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. "మీ బరువుకు ఈ స్పాంజి ఆగదు బాబూ, తోలువి కొనుక్కోండి, అప్పుడు కుడతాను" అని తిరిగి ఇచ్చేశాడు.