ట్యాలీ, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వాడేవాళ్ళు బ్యాటరీ ఒక్కటే చూసి ల్యాప్‌టాప్ కొనకండి, నాకు జరిగింది చదవండి

అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు, ఎండు మిర్చి వ్యాపారం. యార్డులో కొని బ్యాడగి, చెన్నై వైపు పంపిస్తుంటాం. నెలకి రెండు మూడు సార్లు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హుబ్లీ దాకా వెళ్ళి అక్కడ్నుంచి బ్యాడగి పోతా. ట్రైన్లో కూర్చునే ట్యాలీలో ఎంట్రీలు వేసుకోవడం, పార్టీల లెడ్జర్లు చూసుకోవడం, ఈ-వే బిల్లులు తీయడం నాకు అలవాటు. పాత ల్యాప్‌టాప్ ఆరేళ్ళది, ఛార్జర్ పీకితే గంట కూడా ఉండేది కాదు, నరసరావుపేట దాటేసరికే ఆఫ్. అందుకే ఆ మధ్య కొత్తది కొందామని విజయవాడ వెళ్ళా. షాపు పేరు రాయను, ఎందుకంటే ఇది ఏ షాపులో అయినా జరగొచ్చు.

షాపు కుర్రాడికి నేను చెప్పింది మూడే ముక్కలు. ట్యాలీ నడవాలి, బిల్లు ప్రింట్ అవ్వాలి, ట్రైన్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఛార్జింగ్ ఉండాలి. అతను ఒక సన్నటి పీస్ తీసి "సార్ ఇది తీసుకోండి, ఛార్జర్ ఇంట్లో పెట్టి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. ట్యాలీ సంగతేంటి అంటే అక్కడే డౌన్‌లోడ్ చేసి, లైసెన్స్ లేకుండా నడిచే ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఓపెన్ చేసి చూపించాడు. ప్రింటర్ సంగతి అడిగితే "కేబుల్ పెడితే అదే పట్టుకుంటుంది సార్" అన్నాడు. 82,000 కట్టా. పాతదాన్ని 7,000కి ఎక్స్‌చేంజ్‌లో అక్కడే ఇచ్చేశా. ట్యాలీ డేటా బ్యాకప్ ముందే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా, లైసెన్స్ కూడా పాతదాంట్లో సరెండర్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకున్నా, అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. అక్కడే పాతది ఇచ్చేయడం నేను చేసిన పెద్ద పొరపాటు, ఎందుకో కింద చెప్తా.

ఆ రాత్రి 120 టిక్కీల లోడు లారీ యార్డు బయట రెడీగా ఉంది. ఈ-వే బిల్లు బ్రౌజర్లో ఐదు నిమిషాల్లో వచ్చేసింది. ఇన్‌వాయిస్ ప్రింట్ కొడదామని డాట్ మ్యాట్రిక్స్ కేబుల్ పెట్టా. ఏమీ జరగలా. ప్రింటర్ కంపెనీ సైట్‌లోంచి దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దించి ఇన్‌స్టాల్ కొడితే సగం దాకా పోయి ఎర్రర్. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు. కేబుల్ మార్చా, పోర్ట్ మార్చా, రీస్టార్ట్ నాలుగు సార్లు చేశా, మా గుమాస్తా కుర్రాడు యూట్యూబ్ చూసి వాడికి తోచింది వాడు చేశాడు. లారీ డ్రైవరన్న వచ్చి "ఎంతసేపండీ" అని మూడు సార్లు అడిగాడు. చివరికి బిల్లు పీడీఎఫ్ చేసి పక్క కమీషన్ షాపు వాళ్ళకి వాట్సాప్‌లో పంపి, వాళ్ళ ప్రింటర్లో మూడు కాపీలు విడివిడిగా తీయించి లారీ పంపేసరికి పన్నెండు దాటింది.

డాట్ మ్యాట్రిక్సే ఎందుకు పట్టుకు వేలాడుతున్నావ్ అని అడిగేవాళ్ళు ఉంటారు. సరుకు పంపేటప్పుడు ఇన్‌వాయిస్ మూడు కాపీలు ఉండాలి కదా, కొన్నవాళ్ళకి ఒకటి, ట్రాన్స్‌పోర్టుకి ఒకటి, మనకి ఒకటి. కార్బన్ పేపర్ పెడితే డాట్ మ్యాట్రిక్స్‌లో ఒక్క దెబ్బకి మూడూ వస్తాయి. సీజన్లో రోజుకి ముప్పై బిల్లులు కొట్టే మాలాంటి వాళ్ళకి రిబ్బన్ ఖర్చు తప్ప ఇంకేం ఉండదు.

తర్వాత రెండు రోజులు మాకు ట్యాలీ చూసే సర్వీస్ ఆయన దగ్గర కూర్చుంటే అసలు విషయం తెలిసింది. నేను కొన్న దాంట్లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్, అంటే ఫోన్లలో వాడే జాతి ప్రాసెసర్. కరెంట్ తక్కువ తాగుతుంది కాబట్టే బ్యాటరీ అంతసేపు వస్తుంది. మనం ఇన్నేళ్ళూ వాడిన మామూలు ల్యాప్‌టాప్‌ల కోసం రాసిన ప్రోగ్రాములు దీనికి నేరుగా అర్థం కావు, విండోస్ మధ్యలో ఉండి వాటిని దుబాసీలాగా మార్చి నడిపిస్తుంది. అందుకే ట్యాలీ ఓపెన్ అయింది, కొంచెం లేటుగా తెరుచుకున్నా నా పని ఆగలా. కానీ డ్రైవర్ అనేది మామూలు ప్రోగ్రాం కాదు, అది విండోస్ లోపలికెళ్ళి కూర్చునే ముక్క, దానికి ఈ దుబాసీ పని చేయదు. ప్రింటర్ కంపెనీ ఆర్మ్ కోసమని విడిగా డ్రైవర్ ఇస్తేనో, విండోస్‌లోనే ఆ ప్రింటర్‌కి డ్రైవర్ ఉంటేనో తప్ప పూర్తిగా పని చేయదు. నా ప్రింటర్ పదేళ్ళనాటిది, దానికి అలాంటి డ్రైవర్ లేదు.

ఇక్కడ నాకు బాగా బాధ కలిగించింది ఏంటంటే, షాపులో ట్యాలీ ఓపెన్ చేసి చూపించడం వల్ల నేను మొత్తం సరిపోయిందనుకున్నా. ట్యాలీ స్క్రీన్ మీద కనపడటం వేరు, ట్యాలీలోంచి బిల్లు కాయితం మీదకి రావడం వేరు, ఆ రెండో దానికి ట్యాలీతో సంబంధమే లేదు.

సర్వీస్ ఆయన ఒక దారి చూపించాడు. విండోస్‌లో `Generic / Text Only` అని ఒక ప్రింటర్ ఉంటుంది, దాన్ని యాడ్ చేసి ట్యాలీలో ప్రింట్ ఫార్మాట్ డాట్ మ్యాట్రిక్స్‌కి మార్చి కొట్టాం. అక్షరాలు వచ్చాయి, అబద్ధం చెప్పను. కానీ బిల్లు మీద మా లోగో పోయింది, గీతల బాక్సులు పోయాయి, రూపాయి గుర్తు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తు, రేటు కాలమ్ పక్కకి జరిగి కుడివైపు టోటల్ అంకె తెగిపోయింది. పేపర్ సైజు కూడా సెట్ కాక మూడో బిల్లుకి వచ్చేసరికి హెడ్డింగ్ చిల్లుల గీత మీదకి జారింది. ఖాతా పుస్తకంలో పెట్టుకోవడానికైతే సరే, పార్టీకి ఇచ్చే బిల్లు అలా ఇవ్వలేం కదా. అదే ఇంట్లో పిల్లలు వాడే వైఫై ప్రింటర్ మాత్రం ఏ డ్రైవరూ అడక్కుండా టక్కున పట్టుకుంది, దాంట్లో ఏ4 బిల్లు బ్రహ్మాండంగా వచ్చింది. అంటే మీకు కొత్త వైఫై ప్రింటర్ ఉండి, బిల్లులు ఏ4లోనో పీడీఎఫ్‌లోనో ఇచ్చేవాళ్ళయితే ఈ రకం ల్యాప్‌టాప్ మీకు సరిపోవచ్చు, బ్యాటరీ విషయంలో మాత్రం దానికి వంక పెట్టలేను, గుంటూరులో ఫుల్ పెట్టి ఎక్కితే హుబ్లీలో ఇంకా సగానికి దగ్గర్లో ఉండేది.

షాపుకి తీసుకెళ్తే "పీస్‌లో డిఫెక్ట్ లేదు సార్, ఓపెన్ చేసింది వెనక్కి తీసుకోం" అన్నారు. ప్రింటర్ గురించి అడిగి మరీ కొన్నా అంటే ఆ కుర్రాడు ఆ రోజు లీవంట. పాత ల్యాప్‌టాప్ అప్పటికే ఎవరికో అమ్మేశారు. ఐదు వారాలు పక్కవాళ్ళ ప్రింటర్ మీద బతికి, చివరికి తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్ గారి అబ్బాయికి 61,000కి ఇచ్చేశా. 21,000 పోయినట్టే.

రెండోసారి కొనేటప్పుడు ఏం చేశానో చెప్తా, మీకు పనికొస్తుంది. ప్రింటర్‌నే ఆటోలో వేసుకుని షాపుకి వెళ్ళా, కార్బన్ పేపర్ కట్టతో సహా. నవ్వుకుంటే నవ్వుకోనీయండి. ముందు డెమో పీస్‌లో స్టార్ట్ పక్కన సెర్చ్‌లో ఇది కొట్టించా:

```
msinfo32
```

అందులో `System Type` అనే లైన్ ఉంటుంది. `x64-based PC` అని ఉంటే మన పాత డ్రైవర్లు ఎక్కే రకం, `ARM64-based PC` అని ఉంటే నేను ఇరుక్కున్న రకం. ఆ తర్వాత డ్రైవర్ ఎక్కించి, ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఒక డమ్మీ బిల్లు వేసి (తేదీ 1 గానీ 2 గానీ పెట్టాలి, ఆ మోడ్‌లో మధ్య తేదీలు తీసుకోదు) వరసగా నాలుగు బిల్లులు కొట్టించా. ఒకటి కొడితే చాలదు, పేపర్ జారేది మూడో నాలుగో బిల్లులోనే తెలుస్తుంది.

మాది ప్రొప్రయిటర్‌షిప్ కాబట్టి జీఎస్‌టీ రిటర్న్‌కి ఓటీపీ సరిపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ వాళ్ళకి డిజిటల్ సిగ్నేచర్ తప్పనిసరి, ఆ పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌కి కూడా డ్రైవర్ ఉంటుంది కాబట్టి మీరు ప్రింటర్‌తో పాటు దాన్నీ పట్టుకెళ్ళి షాపులోనే గుచ్చి చూడండి.

ఇక బ్యాటరీ. "పది గంటలు, పదిహేను గంటలు" అని షాపువాళ్ళు చెప్పేది వదిలేసి వాట్ అవర్ ఎంతో అడగండి, స్పెసిఫికేషన్లో `Wh` అని ఉంటుంది. తక్కువ రేటు పీసుల్లో 40 చుట్టుపక్కల ఉంటుంది. నేను ఈసారి 70 ఉన్నది తీసుకున్నా, 68,500 పడింది. వెలుతురు సగానికి తగ్గించి ట్యాలీ, బ్రౌజర్, ఫోన్ హాట్‌స్పాట్‌తో గంట పని చేస్తే 100 నుంచి 88కి దిగింది. అంటే 12 శాతం, 70లో 12 శాతం అంటే 8.4, గంటకి ఎనిమిది వాట్ అవర్ల పైన తాగుతోంది, ఆ లెక్కన ఎనిమిది గంటలు. అదే 40 దాంట్లో అయితే ఇదే పనికి ఐదు గంటల్లోపు అయిపోయేది. ఆర్మ్ దాంతో పోలిస్తే తక్కువే, కానీ రాత్రి పడుకునే టైం తీసేస్తే నా ప్రయాణానికి చాలుతోంది. సెకండ్‌హ్యాండ్‌ది చూసేవాళ్ళయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

ఒక ఫైల్ తయారై ఎక్కడ సేవ్ అయిందో చెప్తుంది. అందులో `DESIGN CAPACITY` పక్కన కొత్తప్పుడు ఎంత పట్టేదో, `FULL CHARGE CAPACITY` పక్కన ఇప్పుడు ఎంత పడుతోందో ఉంటుంది. 70,000 mWh ఉండాల్సింది 42,000 mWh చూపిస్తే మీరు కొనేది 42 వాట్ అవర్ బ్యాటరీనే, ఓనర్ ఏం చెప్పినా.

ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఎంత మంచిదైనా పాత ల్యాప్‌టాప్‌ని ఆ రోజే ఇవ్వకండి. కొత్తదాంట్లో మీ సొంత ప్రింటర్ మీద నిజం బిల్లులు ఒక వారం కొట్టాకే ఇవ్వండి. ఆ రాత్రి నా పాతది ఇంట్లో ఉండుంటే లైసెన్స్ అక్కడ మళ్ళీ యాక్టివేట్ చేసుకుని పది నిమిషాల్లో లారీ పంపేసేవాణ్ణి. మీలో ఎవరైనా డాట్ మ్యాట్రిక్స్‌ని ఆర్మ్ ల్యాప్‌టాప్ మీద లోగోతో, సరైన పేపర్ సైజుతో నడిపి ఉంటే ఏ మోడల్ ప్రింటరో కింద చెప్పండి, మా బావమరిది కూడా అదే రకం ల్యాప్‌టాప్ కొంటానని వచ్చే వారం విజయవాడ వెళ్తున్నాడు.