గోడ ఫోటో కింద ఏం రాయాలి? మూడు క్యాప్షన్లలో ఏది మేలు?

ఇళ్లకు రంగులు, చెమ్మ రిపేర్లు చేయించడం నా పని. ఫోటోలు పెట్టి వాటి కింద నాలుగు ముక్కలు రాయడం మా మేనకోడలి పని. ఈమధ్య విజయవాడలో ఒక రెండో అంతస్తు ఫ్లాట్ పని పూర్తయ్యాక, పనికి ముందూ తర్వాతా తీసిన ఒకే జత ఫోటోలకు మా దగ్గర మూడు క్యాప్షన్లు తయారయ్యాయి. ఏది పెట్టాలన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం.

ముందు పనేమిటో చెప్పాలి. బెడ్‌రూమ్‌లో బాత్రూమ్‌కి ఆనుకున్న గోడ కింద మూడడుగుల దాకా రంగు పొట్టులా లేచిపోయి, తెల్లగా ఉప్పు పూసి ఉంది. ఎండాకాలంలో కూడా తడి తగ్గడం లేదంటే అది వాన నీళ్లు కాదు. ప్లంబర్ పైపు లైన్‌కి ప్రెషర్ పెట్టి చూస్తే గేజ్ ముల్లు కదల్లేదు, అంటే పైపుల్లో లీకు లేదు. తర్వాత బాత్రూమ్‌లో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ మూసేసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాం. తెల్లారేసరికి నీళ్లు గీత కిందికి దిగాయి. లోపం టైల్స్ సందుల్లోనూ, ట్రాప్ చుట్టూనూ ఉందని తేలింది.

టైల్స్ మొత్తం పీకించడానికి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. సందుల్లో పాత సిమెంటు గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపాం, ట్రాప్ చుట్టూ కొట్టి మళ్లీ సీల్ చేశాం. అది గట్టిపడ్డాక మళ్లీ 24 గంటలు నీళ్లు నిలబెడితే గీత దగ్గరే నిలిచాయి. అప్పుడు బెడ్‌రూమ్ గోడకు నాలుగడుగుల ఎత్తు దాకా పాత ప్లాస్టర్ కొట్టేసి, వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపిన కొత్త ప్లాస్టర్ చేసి, ఏడు రోజులు తడిపాం. ఎనిమిది రోజులు ఆరనిచ్చాం. పుట్టీ, ప్రైమర్, రంగు కలిపి చివరి మూడు రోజుల పని. మొత్తం 23 రోజులు.

ఇక మేనకోడలు రాసిన మొదటి క్యాప్షన్: “కేవలం 3 రోజుల్లో పాత గదికి కొత్త అందం! చెమ్మకు శాశ్వత పరిష్కారం, గ్యారంటీ!”

చూడ్డానికి బాగుంది, ఫోన్లూ వస్తాయి. కానీ ఆ మూడు రోజులు రంగు పనివి మాత్రమే. శాశ్వతం అనే మాటకైతే ఆధారమే లేదు, ఎందుకంటే టైల్స్ కింద, పైపుల కోసం పల్లంగా వేసిన స్లాబ్‌ని మేం తెరిచి చూడలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుడు గ్యారంటీ ఇచ్చే ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కేస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాకు పాత దెబ్బ ఒకటి గుర్తుంది. నాలుగేళ్ల కిందట ఇలాంటి మాటలే రాసి ఒక గోడ ఫోటో పెట్టాను. అక్టోబరులో ఆ ఇంటాయన అదే మూలలో మళ్లీ పూసిన ఉప్పు ఫోటో తీసి, నా క్యాప్షన్ పక్కన పెట్టి నాకే పంపాడు. పైన పటారం లోన లొటారం అన్నట్టయింది నా పని. అప్పుడు గోడకు మందు వేశానే గానీ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెతకలేదు.

ఆ క్యాప్షన్‌తో ఇంకో చిక్కుంది. కారణం చెప్పకపోతే ఎవరి గోడ తడిసినా మాకే ఫోన్ చేస్తారు. కింది అంతస్తు ఇళ్లలో నేల నుంచి ఎక్కే చెమ్మ ఉంటుంది. అది ఒక గోడతో ఆగదు, గదిలో అన్ని గోడల అడుగునా ఇంచుమించు ఒకే ఎత్తున పట్టీలా కనిపిస్తుంది. దానికి బాత్రూమ్ సందులు పూడిస్తే ఏం లాభం?

రెండో క్యాప్షన్ నేను రాసింది. పైన చెప్పిందంతా, ఇసుక పాళ్లతో సహా పెట్టేశాను. “మావయ్యా, ఇది క్యాప్షనా, ఎస్టిమేటా?” అంది అమ్మాయి. ఆమె మాటా నిజమే. ఫోన్‌లో మొదటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. అసలు విషయం పదో లైన్‌లో ఉంటే, చెప్పినా చెప్పనట్టే.

మూడోది ఇద్దరం కూర్చుని కుదించింది:

“ఈ గోడ చెమ్మకు కారణం పక్క బాత్రూమ్ టైల్స్ సందులు. అవి పూడ్చి, నాలుగడుగుల ప్లాస్టర్ మార్చి, రంగు వేశాం. మొత్తం 23 రోజులు. తొందర లేకపోతే 35 రోజులు పెట్టుకోండి, ప్లాస్టర్ బాగా ఆరుతుంది. బాత్రూమ్ టైల్స్ పీకలేదు. మిగతా మూడు గోడలకు రంగు మాత్రమే. మంచం, కర్టెన్లు ఇంటివారివి. రెండో ఫోటో రంగు వేసిన మూడో రోజు తీసింది. వానాకాలం అయ్యాక ఇదే గోడ మళ్లీ చూపిస్తాం.”

నా ఓటు దీనికే. ఆ 35 రోజుల మాట దగ్గర అమ్మాయి అడ్డం పడింది, మన తొందరను మనమే బయటపెట్టుకోవడం ఎందుకని. మామూలుగా కొత్త ప్లాస్టర్‌కి 28 రోజులు ఇచ్చి రంగు వేయాలి. ఇంట్లో ఫంక్షన్ ఉందని మేం ప్లాస్టర్ అయిన 16వ రోజునే రంగు పని మొదలుపెట్టాం. 23 అని మాత్రమే రాస్తే, అది చూసిన ఇంకో ఇంటాయన కూడా 23 రోజుల్లోనే కావాలంటాడు. అందుకని ఆ లైన్ ఉంచాం. ఇసుక పాళ్లు తీసేశాం, అవి లేనంత మాత్రాన ఎవరూ ఏదీ తప్పుగా అనుకోరు. నా దగ్గర కొలత అదొక్కటే: ఈ ముక్క తీసేస్తే చూసేవాడు లేనిది ఊహించుకుంటాడా?

మొదటి క్యాప్షన్ నుంచి ఒకటి మాత్రం తీసుకున్నాం. అది మొదటి లైన్‌లోనే విషయంలోకి దిగుతుంది. మా దాంట్లోనూ కారణాన్ని మొదటి లైన్‌లో పెట్టాం.

ఇంత రాశాక ఫోటోలే అబద్ధమాడుతున్నాయని గమనించాం. ముందు ఫోటో రాత్రి ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి గోడ దగ్గరికెళ్లి తీసింది. తర్వాతది పొద్దున్నే కిటికీ తెరిచి, దూరంగా నిలబడి, మంచం మీద కొత్త దుప్పటితో తీసింది. ఆ తేడాలో సగం వెలుతురు చేసిన పనే. అదృష్టం కొద్దీ ముందు రోజుల్లో పగలు తీసిన ఫోటో ఒకటి నా ఫోన్‌లో దొరికింది, తలుపు దగ్గర నుంచి తీసింది. అమ్మాయి మళ్లీ ఆ ఫ్లాట్‌కి వెళ్లి, అదే తలుపు దగ్గర నిలబడి, దాదాపు అదే వేళకి ఇంకోటి తీసుకొచ్చింది. మేం రాసిన మూడో రోజును తొమ్మిదో రోజుగా దిద్ది, అప్పుడు పెట్టాం.

మొదటి వారంలో వచ్చిన ఫోన్లు నాలుగే. అందులో మూడు బాత్రూమ్ పక్క గోడలే. నాలుగో ఆయన, “మాది కింది పోర్షన్ అండీ, అన్ని గోడలూ తడే, మీరు చేసేది మాకు పనికొస్తుందా?” అని అడిగాడు. పనికిరాదని చెప్పాను.